పాల బిల్లు లెక్క తప్పితే ఎవరు చెప్పాలి?

ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలకు డేటాబేస్ పేపరుతోపాటు ఒక అసైన్‌మెంటు కూడా ఉంటుంది. ఏదో ఒక వ్యవహారాన్ని తీసుకుని, దాని వివరాలు ఏయే పట్టికల్లో ఎలా దాచాలో తేల్చాలి. ఆ పట్టికల నుంచి కావలసిన సమాచారం రాబట్టే క్వెరీలు రాయాలి. అవి సరైన జవాబే ఇస్తున్నాయని టెస్ట్ కేసులతో చూపాలి. ఇదంతా ఎందుకిలా చేశారో వివరిస్తూ ఓ పది పేజీల రిపోర్టు రాసివ్వాలి. ఆ రిపోర్టులు దిద్దడం మాలాంటి అధ్యాపకుల పని.

ప్రోగ్రాం నడిచిందంటే మార్కులు వేసేయవచ్చు కదా అని పిల్లలూ అంటారు, వాళ్ల తల్లిదండ్రులూ అంటారు. డేటాబేస్ దగ్గర ఆ మాట చెల్లదు. తప్పుగా రాసిన క్వెరీ కూడా హాయిగా నడుస్తుంది. ఎర్రక్షరాల హెచ్చరిక ఏదీ రాదు. పేర్లూ అంకెలూ ఒద్దికగా పేర్చిన పట్టిక తెర మీదికి వస్తుంది, ఆ అంకెల్లో సగం తప్పయినా సరే. అందుకే దిద్దేవాళ్లు జవాబు చూసి సరిపెట్టుకోలేరు. విద్యార్థి చెప్పుకొన్న కారణాలు ఆ పట్టికలకు, ఆ క్వెరీకి, ఆ పరీక్షలకు నిజంగా అతుకుతున్నాయా అని ఒక్కో వాక్యం పట్టుకుని చూడాలి. అలా ఒక రిపోర్టును ఇక్కడ దిద్ది చూపిస్తాను. అంకెలు చిన్నవి తీసుకున్నాను, కాగితం మీద ఎవరైనా లెక్క వేసి చూసుకోవచ్చు.

రిపోర్టు రాసినది రెండో సంవత్సరం అమ్మాయి. ఎంచుకున్న విషయం ఊళ్లో పాల కేంద్రం. పొద్దున పూట, సాయంత్రం పూట రైతులు పాలు తెచ్చి పోస్తారు. లీటర్లు కొలిచి, మిషన్‌లో వెన్న శాతం చూసి, చార్టు ప్రకారం లీటరుకు ధర కడతారు. నిజం కేంద్రాల్లో వెన్నతోపాటు ఎస్‌ఎన్‌ఎఫ్, అంటే వెన్న కాని ఘనపదార్థాల శాతం కూడా చూస్తారు. అసైన్‌మెంటులో వెన్నతోనే సరిపెట్టాం. పదిహేను రోజులకోసారి బిల్లు వేస్తారు. ఈలోగా రైతు దాణా అప్పు తీసుకున్నా, అడ్వాన్సు తీసుకున్నా అది పట్టుకుని మిగతాది చేతికిస్తారు. ఆ మిగతాది ఎంతో చెప్పడమే ఈ అసైన్‌మెంటులో అడిగిన ముఖ్యమైన క్వెరీ.

పట్టికల సంగతి మొదట చూద్దాం. కేంద్రంలో వాడే పెద్ద రిజిస్టరులో ఒక్కో వరుసలో తేదీ, పూట, సభ్యుడి నంబరు, పేరు, బ్యాంకు ఖాతా, లీటర్లు, వెన్న, ధర అన్నీ ఉంటాయి. దాన్ని యథాతథంగా కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే ఒకే రైతు పేరూ ఖాతా నంబరూ నెలకు అరవైసార్లు రాయాల్సి వస్తుంది. ఖాతా మారినప్పుడు యాభై తొమ్మిది చోట్ల దిద్ది ఒకచోట మరిచిపోతే, ఆ రైతుకు రెండు ఖాతాలున్నట్టు డేటాబేస్ చెబుతుంది. ఏది నిజమో దానికీ తెలియదు. కొత్తగా చేరిన సభ్యుడు ఇంకా ఒక్క పూటా పాలు పోయకపోతే అతని పేరు రాసుకునేందుకు వరుసే ఉండదు. ఇలాంటి చిక్కులు రాకుండా ఒక సంగతిని ఒకేచోట ఉంచేలా పట్టికలు విడదీయడాన్ని నార్మలైజేషన్ అంటారు. ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ 1970లో ప్రచురించిన వ్యాసంతో ఈ ఆలోచన మొదలైంది. ఆ తర్వాత ఆయనే దీన్ని రెండో నార్మల్ రూపం, మూడో నార్మల్ రూపం అంటూ మెట్లుగా ముందుకు తీసుకెళ్లారు.

ఆ అమ్మాయి మూడు పట్టికలు చేసింది. member అనే పట్టికలో సభ్యుల వివరాలు, pour అనే దాంట్లో పాలు పోసిన వివరాలు, deduction అనే దాంట్లో పట్టుకోవలసిన బాకీలు. విడదీసిన తీరు బాగుంది. దానికి రాసిన వివరణ మాత్రం చాలా రిపోర్టుల్లో కనిపించేదే: ‘అన్ని పట్టికలూ మూడో నార్మల్ రూపంలో ఉన్నాయి.’ ఈ వాక్యానికి నేను మార్కు వేయను. ఎందుకంటే ఏ పట్టిక ఏ రూపంలో ఉందో పట్టికను చూసి చెప్పలేం. పాల కేంద్రంలో వ్యవహారం ఎలా నడుస్తుందో తెలిస్తేనే చెప్పగలం. సభ్యుడి నంబరు తెలిస్తే పేరు ఒక్కటే తేలుతుంది అనేది ఒక సంగతి. తేదీ, పూట, సభ్యుడి నంబరు మూడూ తెలిస్తే లీటర్లు ఎన్నో తేలుతుంది అనేది ఇంకో సంగతి. ఏది తెలిస్తే ఏది తేలుతుందో చెప్పే ఇలాంటి వాక్యాలను ఫంక్షనల్ డిపెండెన్సీలు అంటారు. రిపోర్టులో అవి రాసి ఉంటే వాటిని పట్టుకుని పరీక్షించవచ్చు. అవి లేకుండా మూడో రూపం అని రాస్తే అది విద్యార్థి నమ్మకం మాత్రమే.

ఆమె pour పట్టికకు పెట్టిన ప్రైమరీ కీ, అంటే ఒక వరుసను ఇంకో వరుస నుంచి వేరు చేసి గుర్తుపట్టే వివరాల కూర్పు, ఇది:

```sql
PRIMARY KEY (pour_date, shift, member_id)
```

ఒక తేదీన, ఒక పూట, ఒక సభ్యుడికి ఒకే వరుస ఉంటుందని దీని అర్థం. ఇది చదవగానే నాకు అనుమానం వచ్చింది. వైవాలో అడిగాను.

‘‘ఏమ్మా, ఒకే ఇంట్లో ఆవూ గేదే రెండూ ఉంటే పాలు కలిపి పోస్తారా?’’

‘‘లేదు సార్, విడివిడిగానే పోస్తారు. మా పిన్నివాళ్లు రెండు క్యాన్లు తీసుకెళ్తారు. గేదె పాలకు వెన్న ఎక్కువ కదా, కలిపితే నష్టం.’’

‘‘మరి ఆ రెండో క్యాను నీ పట్టికలో ఎక్కడ రాస్తావు?’’

ఆమె కాసేపు కీ వైపు చూసి, ‘‘ఎక్కదు సార్, డూప్లికేట్ అని వెనక్కి కొడుతుంది’’ అంది.

విషయం ఆమెకు ఇంట్లోనే తెలుసు. కీలోకి పాల రకం కూడా చేర్చాలని రిపోర్టు రాసేటప్పుడు తట్టలేదు, అంతే. డిపెండెన్సీలను మాటల్లో రాసి ఉంటే, ‘తేదీ, పూట, సభ్యుడు తెలిస్తే లీటర్లు తేలతాయి’ అనే వాక్యం రాసేటప్పుడే పిన్ని గారి రెండో క్యాను గుర్తొచ్చేది. డిపెండెన్సీలు రాయమని నేను పట్టుబట్టేది ఇందుకే. ఈ తప్పుకు రెండు మార్కులు తగ్గించాను. పైకి చిన్నదిగా కనిపిస్తుందిగానీ, నిజంగా వాడకంలోకి వస్తే మొదటి రోజు పొద్దున్నే కేంద్రం దగ్గర వరుస ఆగిపోయే తప్పు ఇది.

ఇంతకన్నా ఆలోచింపజేసేది ధర సంగతి. ఆమె pour పట్టికలో ప్రతి వరుసలో లీటరు ధరను కూడా ఉంచింది. పుస్తకం సూత్రాన్ని గుడ్డిగా పట్టుకుని దిద్దేవారికి ఇది తప్పుగా కనిపిస్తుంది. వెన్న శాతాన్ని బట్టి ధర చార్టులో దొరుకుతుంది కదా, కీ కాని ఒక వివరం మీద ఇంకో వివరం ఆధారపడి ఉంది కదా, మూడో రూపానికి ఇది విరుద్ధం కదా అంటారు. అదే తరగతిలో ఇంకో విద్యార్థి సరిగ్గా అలాగే ఆలోచించి ధరను pour నుంచి తీసేసి, వెన్న శాతం, ధర మాత్రమే ఉన్న చార్టు పట్టిక పెట్టాడు. నాలుగు శాతం వెన్నకు జూన్‌లో లీటరు 40 రూపాయలనుకుందాం. ఐదు లీటర్లకు రైతు 200 తీసుకున్నాడు. జులైలో చార్టు మారి అదే వెన్నకు 42 అయింది. అతను చార్టులో అంకె మార్చాడు. ఇప్పుడు జూన్ బిల్లు మళ్లీ తీస్తే 210 అని వస్తుంది. రైతు చేతిలో ఉన్న కాగితానికీ కంప్యూటర్ చెప్పేదానికీ పొంతన ఉండదు.

వెన్న తెలిస్తే ధర తేలుతుంది అన్నది ఆ ఒక్క చార్టు అమల్లో ఉన్నంతసేపే నిజం. ఏళ్ల తరబడి పెరిగే pour పట్టికలో అది నిజం కాదు, ఎందుకంటే ఒకే వెన్న శాతానికి జూన్ వరుసల్లో ఒక ధర, జులై వరుసల్లో ఇంకో ధర ఉంటాయి. అక్కడ ఆ డిపెండెన్సీయే లేనప్పుడు మూడో రూపం చెడే ప్రశ్న రాదు. పాలు పోసిన పూట కట్టిన ధర జరిగిపోయిన సంగతి. అది ఆ పూట వరుసలోనే ఉండాలి. చార్టునే నమ్ముకోవాలంటే ఏ తేదీ నుంచి ఆ ధర అమల్లోకి వచ్చిందో కూడా చార్టు కీలో ఉండాలి, పాత వరుసలను చెరపకూడదు. రెండు దారులూ సరైనవే.

కనుక అమ్మాయి చేసిన డిజైన్ సరైనది. ఆమె రాసిన కారణం మాత్రం ఇది: ‘క్వెరీ వేగంగా నడవడం కోసం ధరను డీనార్మలైజ్ చేశాను.’ డీనార్మలైజ్ చేయడమంటే తెలిసి తెలిసి, ఏదో ప్రయోజనం కోసం, ఒకే సంగతిని రెండుచోట్ల ఉంచడం. ఇక్కడ ఆమె చేసింది అది కానే కాదు. ఈ తేడా మాటల్లోది అనుకోవద్దు. కంప్యూటర్ ఎలాగూ వేగంగానే ఉందని రేపు ఎవరైనా చెబితే, వేగం కోసమే ఉంచిన ధరను ఆమె ధైర్యంగా తీసేస్తుంది. అప్పుడు జూన్ బిల్లు మారిపోతుంది. తప్పు కారణం మీద నిలబడ్డ సరైన నిర్ణయం అలా ఎప్పుడైనా కూలవచ్చు. డిజైన్‌కు మార్కులు ఇచ్చి, కారణానికి ఒక మార్కు తగ్గించి, పక్కన ఇలా రాశాను: ‘చార్టు మారిన మర్నాడు పాత బిల్లు మళ్లీ తీయి. ధర ఇక్కడ లేకపోతే ఏమొస్తుంది?’

ఇక క్వెరీ. చేతికొచ్చే సొమ్ము లెక్కకట్టడానికి ఆమె రాసింది ఇది. తేదీల షరతు తీసేసి చూపిస్తున్నాను.

```sql
SELECT m.member_id, m.name,
       SUM(p.litres * p.rate) - SUM(d.amount) AS net
FROM member m
JOIN pour p      ON p.member_id = m.member_id
JOIN deduction d ON d.member_id = m.member_id
GROUP BY m.member_id, m.name;
```

చదివితే చాలా సహజంగా ఉంది. సభ్యుడిని తీసుకో, అతని పాల వరుసలు కలుపు, బాకీ వరుసలు కలుపు, పాల సొమ్ము మొత్తంలోంచి బాకీల మొత్తం తీసెయ్యి. రిపోర్టులో వివరణ కూడా ఇలాగే, ఇంత నమ్మకంగానే ఉంది. ఇలాంటి చోట వివరణ చదివి ఊరుకోకుండా నేను నాలుగైదు వరుసలు స్వయంగా వేసి చూస్తాను.

101 నంబరు సభ్యుడు మూడు పూటలు పోశాడు. ఐదు లీటర్లు 40 చొప్పున 200, మళ్లీ ఐదు లీటర్లు 40 చొప్పున 200, నాలుగు లీటర్లు 42 చొప్పున 168. మొత్తం 568. దాణా బాకీ 150, అడ్వాన్సు 100, కలిపి 250. చేతికి రావలసింది 318. ఆమె క్వెరీ ఇచ్చిన జవాబు 386.

ఆ 68 రూపాయలు ఎక్కడివి? జాయిన్ చేసినప్పుడు డేటాబేస్ ఆ సభ్యుడి ప్రతి పాల వరుసనూ అతని ప్రతి బాకీ వరుసతోనూ జతకడుతుంది. మూడు పాల వరుసలు, రెండు బాకీ వరుసలు కలిసి ఆరు జతలు అవుతాయి. ఆ ఆరింటిలో ఒక్కో పాల వరుస రెండుసార్లు వస్తుంది, ఒక్కో బాకీ మూడుసార్లు వస్తుంది. పాల సొమ్ము 1136 అవుతుంది, బాకీలు 750 అవుతాయి. తీసివేస్తే 386. ఈ అంకె అసలు జవాబుకు దగ్గరగా ఉండటమే ప్రమాదం. పదిరెట్లు తేడా వస్తే ఎవరైనా అనుమానిస్తారు. 318 బదులు 386 వస్తే ఏదో ఒక పూట వెన్న ఎక్కువ వచ్చిందేమో అనుకుని సంతకం పెట్టేస్తారు. పూటలు పెరిగేకొద్దీ బాకీలు మరిన్నిసార్లు కోతపడతాయి, బాకీలు పెరిగేకొద్దీ పాల సొమ్ము మరిన్నిసార్లు కలుస్తుంది. కాబట్టి ఒక రైతుకు ఎక్కువ, ఇంకో రైతుకు తక్కువ వస్తుంది. అందరికీ ఒకే తీరు తప్పు అయితే పట్టుకోవడం తేలికయ్యేది.

102 నంబరు సభ్యుడు రెండు పూటలు పోశాడు, 326 రూపాయలు రావాలి. బాకీ ఏమీ లేదు. ఆమె క్వెరీలో అతని పేరే లేదు. బాకీ పట్టికలో అతనికి వరుస లేదు కాబట్టి జాయిన్ దగ్గర జత కుదరక అతను మొత్తంగా జారిపోయాడు. అప్పు చేయని రైతుకు బిల్లే రాలేదన్నమాట. తెర మీద లేని వరుసను గమనించడం చాలా కష్టం, ఎంతమంది ఉండాలో ముందే తెలిసి ఉంటే తప్ప.

ఈ రెండో సంగతి చెప్పగానే చాలామంది పిల్లలు JOIN తీసి LEFT JOIN పెడతారు. అప్పుడు 102 పేరు వస్తుంది, సొమ్ము గడి మాత్రం ఖాళీగా ఉంటుంది. వరుస లేనిచోట మొత్తం సున్నా అవుతుందని మనం అనుకుంటాం. ఎస్‌క్యూఎల్ దాన్ని NULL అంటుంది, అంటే విలువ తెలియదని. 326లోంచి తెలియనిది తీసివేస్తే మిగిలేదీ తెలియనిదే. మొదటి సంగతి చెప్పగానే కొందరు SUM(DISTINCT ...) అని రాసుకొస్తారు, రెండుసార్లు వచ్చినవి ఒక్కసారే కలుస్తాయి కదా అని. 101 దగ్గర అది ఏం చేస్తుందో చూడండి. ఆ సభ్యుడు రెండు పూటల్లో నిజంగానే 200 చొప్పున పోశాడు. DISTINCT వాటిని ఒకటే అనుకుని ఒకదాన్ని పారేస్తుంది. పాల సొమ్ము 368, చేతికి 118. రైతుకు 200 రూపాయలు పోయాయి. పైకి కనిపించే లక్షణానికి మందు వేస్తే జబ్బు ఇంకో చోట తేలుతుంది.

మూలం ఒక్కటే. పాలు వేరే లెక్క, బాకీలు వేరే లెక్క. రెంటికీ మధ్య సభ్యుడు తప్ప సంబంధం లేదు. కాబట్టి ఒక్కో లెక్కనూ ముందు విడిగా సభ్యుడికి ఒక్క వరుసగా కుదించి, ఆ తర్వాత పక్కపక్కన పెట్టాలి.

```sql
SELECT m.member_id, m.name,
       COALESCE(p.total, 0) - COALESCE(d.total, 0) AS net
FROM member m
LEFT JOIN (SELECT member_id, SUM(litres * rate) AS total
           FROM pour GROUP BY member_id) p
       ON p.member_id = m.member_id
LEFT JOIN (SELECT member_id, SUM(amount) AS total
           FROM deduction GROUP BY member_id) d
       ON d.member_id = m.member_id;
```

COALESCE అనేది NULL వచ్చినచోట సున్నా పెడుతుంది. ఇప్పుడు 101కి 318, 102కి 326. పదిహేను రోజుల తేదీల షరతును ఈ లోపలి క్వెరీల్లోనే పెట్టాలి. బయట WHERE దగ్గర పెడితే, ఆ పక్షంలో వరుసలు లేని సభ్యుడు మళ్లీ జారిపోతాడు. క్వెరీకి ఆరు మార్కుల్లో మూడు ఇచ్చాను. ఏ పట్టికలు కావాలో, ఏవి కూడి ఏవి తీసివేయాలో ఆమెకు తెలుసు. జాయిన్ తర్వాత ఎన్ని వరుసలు వస్తాయో మాత్రం లెక్కపెట్టుకోలేదు. వివరణలో ‘ఈ జాయిన్ తర్వాత ఒక్కో వరుస దేన్ని సూచిస్తుంది’ అని ఒక్క వాక్యం రాయమని అడుగుతాను. ఆమె క్వెరీకి ఆ వాక్యం రాయడానికి కూర్చుంటే ‘ఒక పూట పాలు, దానికి సంబంధం లేని ఒక బాకీ’ అని రాయాల్సి వచ్చేది. అక్కడే కలం ఆగేది.

మరి ఆమె పరీక్షలు ఈ తప్పును ఎందుకు పట్టుకోలేదు? రిపోర్టులో ఎనిమిది టెస్ట్ కేసులున్నాయి, ఎనిమిదీ పాస్ అని రాసి ఉంది, ప్రతిదానికీ స్క్రీన్‌షాట్ ఉంది. ఆమె వేసిన డేటా చూస్తే కారణం తెలిసింది. ఐదుగురు సభ్యులు, ఒక్కొక్కరికీ ఒక పూట పాలు, ఒక్కొక్కరికీ ఒక బాకీ. ఒకటిని ఒకటితో జతకడితే ఒకటే వస్తుంది. బాకీ లేనివారు లేరు, కాబట్టి ఎవరూ జారిపోలేదు. క్వెరీ ఎక్కడ తప్పగలదో ఆ దారులన్నీ ఆ చక్కని డేటాలో మూసుకుపోయాయి. టెస్ట్ కేసులు ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టి మార్కులు వేసేవారు ఇక్కడ ఐదుకి ఐదు ఇచ్చేస్తారు.

ఇంకో సంగతి కూడా నా కంట పడింది. టెస్ట్ కేసుల పట్టికలో ‘రావలసిన జవాబు’ అనే గడి ఉంటుంది. క్వెరీ నడపకముందే, చేత్తో లెక్క వేసి అక్కడ రాయాలి. ఆమె గడిలో 110.0000 అని ఉంది. చేత్తో లెక్క వేసినవారెవరూ రూపాయల పక్కన నాలుగు సున్నాలు పెట్టరు. లీటర్లకు రెండు దశాంశ స్థానాలు, ధరకు రెండు పెట్టినప్పుడు, వాటిని గుణిస్తే డేటాబేస్ నాలుగు స్థానాలతో చూపిస్తుంది. అంటే క్వెరీ ఇచ్చిన జవాబునే తెచ్చి రావలసిన జవాబు గడిలో పెట్టింది. అలా పెట్టిన పరీక్ష ఎప్పటికీ ఫెయిల్ కాదు. దీన్ని మోసం అని నేను రాయలేదు, ఎందుకంటే ఆ గడి ఏ క్రమంలో నింపాలో చాలామంది పిల్లలకు ఎవరూ చెప్పి ఉండరు. కానీ మార్కు కూడా వేయలేదు.

పరీక్షల్లో ఇంకో రకం ఉంది, పిల్లలు తరచూ వదిలేస్తారు. డేటాబేస్ ఒప్పుకోకూడని వరుస వేసి, అది నిజంగా వెనక్కి కొడుతుందా అని చూడటం. ఈ రిపోర్టులో ‘లీటర్లు సున్నాకన్నా తక్కువ ఉండకుండా CHECK పెట్టాను’ అని ఉంది. వేసి చూసినట్టు ఎక్కడా లేదు. మైఎస్‌క్యూఎల్ 8.0.16 కన్నా ముందు వెర్షన్లలో CHECK అని రాస్తే తప్పని చెప్పదు, కానీ అమలూ చేయదు. మాటమాత్రంగా చదివి వదిలేస్తుంది. ల్యాబులో పాత 5.7 ఉన్న మిషన్ మీద మైనస్ ఐదు లీటర్లు వేశాను. నిక్షేపంగా ఎక్కింది. రిపోర్టులో రాసిన వాక్యం అబద్ధమైపోయింది, రాసిన అమ్మాయికి ఆ సంగతి తెలియకుండానే. వెనక్కి కొట్టాల్సినదాన్ని ఒక్కసారి వేసి చూసి ఉంటే తెలిసేది. పరీక్షలకు ఐదింటిలో ఒక్క మార్కు, ఆ ఒక్కటీ లేని సభ్యుడి పేర బాకీ వేసి అది చెల్లలేదని చూపించినందుకు.

మొత్తం ఇరవైలో డిజైన్‌కు ఏడు, క్వెరీకి ఆరు, పరీక్షలకు ఐదు, రాత స్పష్టతకు రెండు అని నేను పెట్టుకున్న విభజన. ఆమెకు డిజైన్‌లో నాలుగు, క్వెరీలో మూడు, పరీక్షల్లో ఒకటి, రాతలో రెండు, మొత్తం పది వచ్చాయి. దిద్దేటప్పుడు ఒక నియమం గట్టిగా పాటిస్తాను. ఒక తప్పుకు ఒకచోటే మార్కు తగ్గాలి. పాల రకం కీలో లేకపోవడం వల్ల క్వెరీలో కూడా పాల రకం కనిపించలేదు. దానికి మళ్లీ కోత వేయలేదు. లేదంటే మొదటి పేజీలో జరిగిన పొరపాటు చివరి పేజీ వరకూ మార్కులు తినేస్తూ పోతుంది. తర్వాతి పేజీల్లో ఆ విద్యార్థికి ఏం వచ్చో, ఏం రాదో కూడా తేలదు.

మార్జిన్‌లో రాసే మాటల గురించి కూడా చెప్పాలి. ‘జాయిన్ తప్పు’, ‘టెస్టింగ్ సరిపోదు’ అని రాస్తే విద్యార్థికి ఏమీ అందదు. నేను వరుసలే రాసిస్తాను. ‘101: మూడు పూటలు, రెండు బాకీలు. 102: రెండు పూటలు, బాకీ లేదు. వీళ్లిద్దరికీ ముందు చేత్తో లెక్క వేయి, తర్వాత క్వెరీ నడుపు.’ ఇలా రాస్తే తప్పు ఏమిటో నేను చెప్పనక్కర్లేదు, ఆమే చూసుకుంటుంది. అసలు కారణం ఆమే వెతుక్కోవాలి కాబట్టి LEFT JOIN అనే మాట నేను రాయను.

రాతకు రెండుకి రెండు ఇవ్వడానికి కారణం చివరి పేజీలో ఉంది. ప్రశ్నలో అడగని ఒక సంగతిని ఆమె తనంతట తానే పట్టుకుంది. ‘బాకీ పాల సొమ్ముకన్నా ఎక్కువైతే మిగిలేది మైనస్ వస్తుంది. కేంద్రంలో దీన్ని తర్వాతి బిల్లుకు మోస్తారు. నా డేటాబేస్‌లో ఆ ఏర్పాటు లేదు, మైనస్ అంకెనే చూపిస్తున్నాను’ అని రాసింది. తను చేసినదేదో, చేయనిదేదో దాచకుండా చెప్పింది. చేయలేదు కదా అని కోత వేస్తే తర్వాతి రిపోర్టులో ఆ పేరా ఉండదు.

వారం తర్వాత దిద్దుకుని తెచ్చింది. కీలో పాల రకం చేరింది. ధర ఎందుకు ఆ వరుసలో ఉండాలో జూన్, జులై బిల్లులతో వివరించింది. టెస్ట్ కేసులు ఎనిమిది నుంచి ఆరుకు తగ్గాయి. వాటిలో మూడు పూటల రైతు ఉన్నాడు, బాకీ లేని రైతు ఉన్నాడు, పదిహేనో తేదీ సాయంత్రం ఒకసారి, పదహారో తేదీ పొద్దున ఒకసారి పోసిన రైతు ఉన్నాడు. పాలూ బాకీ రెండూ లేని 103కు సున్నా బిల్లు ఇవ్వాలా, అసలు ఇవ్వకూడదా అని ఒక ప్రశ్న కూడా రాసుకుంది. 104 నంబరు రైతు నాలుగు లీటర్లు 40 చొప్పున పోశాడు, దాణా బాకీ 250. రావలసిన జవాబు గడిలో పెన్నుతో -90 అని ఉంది, పక్క గడిలో క్వెరీ ఇచ్చింది -90.0000. ఆ తొంభైని తర్వాతి బిల్లుకు మోయడానికి కొత్త పట్టిక కావాలా, deduction పట్టికలోనే తర్వాతి పక్షం తేదీతో ఒక వరుస వేస్తే చాలా అని అడిగింది. రెండో పద్ధతిలో ఆ వరుస దాణా బాకీయో, పాత బిల్లు నుంచి మోసుకొచ్చిన బాకీయో తెలియాలంటే రకం అనే గడి ఒకటి ఇంకా చేరాలి.